కొత్త ఉద్యోగి చేరేలోపు చెక్‌లిస్ట్, స్వాగత లేఖ ఎలా తయారుచేయాలి?

చేరిన మొదటిరోజు కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని ఎదురుచూడటం. ల్యాప్‌టాప్ వస్తుంది, లాగిన్ రాదు. లాగిన్ వచ్చాక ఫోల్డర్ తెరుచుకోదు. చెక్‌లిస్ట్‌లో మాత్రం అన్నింటికీ టిక్కులు పడి ఉంటాయి. ఆ టిక్కులు రిక్వెస్ట్ పంపినందుకు పెట్టినవి, పని పూర్తయినందుకు కాదు.

అందుకని చెక్‌లిస్ట్‌లో ప్రతి వరుసనూ కంటికి కనిపించే ఫలితంగా రాయండి. "మెయిల్ అకౌంట్" అని కాకుండా "కొత్త ఉద్యోగి మెయిల్ తెరిచి ఒక జవాబు పంపారు" అని రాయాలి. పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. "ఐటీ టీమ్" అని రాస్తే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

అకౌంట్స్ విభాగంలో ఒక అసిస్టెంట్ సోమవారం చేరుతున్నారనుకుందాం. ఆ సోమవారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వద్దాం.

1. పది పనిరోజుల ముందు: పత్రాలు

గుర్తింపు పత్రం, చదువు సర్టిఫికెట్లు, పాత ఉద్యోగం నుంచి రిలీవింగ్ లెటర్, బ్యాంకు ఖాతా వివరాలు, పన్ను ఫారాలు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు. సాధారణంగా ఇంతే. వీటిలో ముందుగా చూడాల్సింది పేరు స్పెల్లింగ్. గుర్తింపు పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకులో పొడి అక్షరమే ఉంటే మొదటి జీతం దగ్గర చిక్కు రావచ్చు. యూజర్‌నేమ్ కూడా అదే పేరు మీద తయారవుతుంది కాబట్టి, తర్వాత దిద్దడం పెద్ద తలనొప్పి. కాపీలను మామూలు మెయిల్‌లో అడగకండి, భద్రంగా అప్‌లోడ్ చేసే చోటు ఇవ్వండి. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయండి.

2. వారం ముందు: సిస్టమ్ యాక్సెస్

ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఇది గొలుసు లాంటి పని: అకౌంట్ లేనిదే మెయిల్ రాదు, మెయిల్ లేనిదే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఆహ్వానం అందదు. వరుస తప్పితే అందరూ ఒకరికోసం ఒకరు ఆగుతారు.

మేనేజర్లు ఇక్కడ ఒక అడ్డదారి తొక్కుతారు: "పక్క సీటాయనకు ఉన్నవన్నీ ఇచ్చేయండి" అంటారు. ఆయన ఐదేళ్లుగా నాలుగు పనులు మారి ఉంటారు, పాత అనుమతులన్నీ ఆయన దగ్గరే మిగిలి ఉంటాయి. అవన్నీ కొత్తవారికి అంటుకుంటాయి. అలా కాకుండా పనిని బట్టి రాయండి. మన అసిస్టెంట్‌కు బిల్లులు నమోదు చేసే హక్కు కావాలి, చెల్లింపు ఆమోదించే హక్కు వద్దు. ఒకే మనిషి బిల్లు ఎక్కించి, తనే ఆమోదించగలిగితే మోసానికి తలుపు తీసినట్టే.

తాత్కాలిక పాస్‌వర్డ్‌ను కొత్త ఆఫీసు మెయిల్‌కే పంపడం నేను చాలాసార్లు చూశాను. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టడం అది. ఎదురుగా గానీ, ముందే సరిచూసుకున్న ఫోన్ నంబరుకు గానీ చెప్పండి. రెండో దశ ధృవీకరణకు ఫోన్ కావాలని లేఖలోనే తెలపండి. శుక్రవారం ల్యాప్‌టాప్ ఆన్ చేసి అప్‌డేట్లు పూర్తిచేయండి. బీరువాలో నెలల తరబడి ఉన్నదైతే గంటలు పట్టొచ్చు. షేర్డ్ ఫోల్డర్ హక్కు ఇచ్చాక కూడా తెరుచుకోకపోతే, ముందు ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వమనండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

3. మూడు రోజుల ముందు: స్వాగత లేఖ

లేఖను చివర్లో రాయడమే మంచిది, చెక్‌లిస్ట్‌లో ఖాయమైనవే అందులోకి వస్తాయి. సంస్థ చరిత్ర వద్దు. ఎక్కడికి, ఎన్నింటికి, ఎవరి దగ్గరకి రావాలన్నదే వాళ్ల టెన్షన్.

> ____ గారికి,
>
> మీరు మా అకౌంట్స్ విభాగంలో చేరుతున్నందుకు సంతోషం. సోమవారం ఉదయం 10 గంటలకు రిసెప్షన్‌కు రండి, ____ గారు మిమ్మల్ని కలుస్తారు. ఒరిజినల్ గుర్తింపు పత్రం, సర్టిఫికెట్లు, మీ ఫోన్ తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ మేమే ఇస్తాం. ఈ నెల జీతాల లెక్క ముగిసే తేదీ ____. మీరు ఆ తర్వాత చేరుతున్నందున, ఈ నెలలో మీరు పనిచేసిన రోజుల జీతం వచ్చే నెల జీతంతో కలిపి వస్తుంది. సందేహం ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి: ____

జీతం గురించిన ఆ రెండు వాక్యాలు చాలా లేఖల్లో ఉండవు. మొహమాటంతో వాళ్లు అడగరు, నెలాఖరున ఖాతా చూసుకుని కంగారుపడతారు.

4. మొదటి వారం

సోమవారం ఉదయం 10 గంటలకు కాకుండా 9కే రమ్మంటే, లాగిన్ చూపించాల్సినవాళ్లు ఇంకా రాకపోవచ్చు. వచ్చాక పక్కన కూర్చుని ప్రతి సిస్టమ్‌ను వాళ్ల చేతే తెరిపించండి. టిక్కు అప్పుడే పెట్టాలి. మధ్యాహ్నం పరిచయాలు చాలు. మంగళవారం పాత బిల్లులు ఎలా నమోదయ్యాయో చూపించండి. బుధ, గురువారాల్లో రోజుకు ఐదారు నిజమైన బిల్లులు ఇచ్చి, ఒకరు సరిచూడాలి. శిక్షణ వీడియోలన్నీ మొదటి రెండు రోజుల్లోనే కుక్కితే బుధవారానికి ఏవీ గుర్తుండవు.

శుక్రవారం మేనేజర్ అరగంట కూర్చుని "ఏది తెరుచుకోలేదు? ఏది ఎవర్ని అడగాలో తెలియలేదు?" అని అడగాలి. "అంతా బాగుందా?" అంటే "బాగుందండీ" అనే వస్తుంది. తెలిసిన లోపాలను అదే చెక్‌లిస్ట్‌లో కొత్త వరుసలుగా చేర్చి ఫైల్‌లో పెట్టండి. ఆ ఉద్యోగి ఎప్పుడైనా మానేస్తే ఏయే అకౌంట్లు మూసేయాలో ఆ కాగితమే చెబుతుంది.