కుళాయి మరమ్మతు పాఠాలు – 4: ఒకే పిడి బేసిన్ కుళాయికి సరైన కార్ట్రిడ్జ్

బేసిన్ కింద ఉండే రెండు యాంగిల్ కాక్‌లను పూర్తిగా మూయడం, అవి నిజంగా మూసుకున్నాయో లేదో చూసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి పైనున్న కుళాయిని విప్పుతాం. పైకి ఎత్తితే నీళ్లు వచ్చి, పక్కలకు తిప్పితే వేడి, చల్లదనం మారే ఒకే పిడి కుళాయి ఇది. పాత రకం కుళాయిలో తోలు వాషరో రబ్బరు వాషరో మారిస్తే సరిపోయేది. ఇందులో ఆ వాషరు ఉండదు. ప్లాస్టిక్ డబ్బీ లాంటి కార్ట్రిడ్జ్ లోపల రెండు నున్నటి సెరామిక్ బిళ్లలు ఒకదానిపై ఒకటి జరుగుతూ నీటి దారులను తెరుస్తాయి, మూస్తాయి. వాటి మధ్య ఇసుక రేణువు చేరి గీత పడితే ఆ గీత వెంట నీరు కారుతుంది. అప్పుడు బిళ్లలను బాగుచేయడానికి వీలుండదు కాబట్టి కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో ఈ మధ్య చూసిన ఒక కుళాయినే ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఇంట్లో పై అంతస్తు ట్యాంకుకు బోరు నీళ్లు ఎక్కుతాయి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. పిడి దించినా చుక్కలు ఆగడం లేదు. కుళాయి మొత్తం మార్చాలని ఎవరో చెప్పారట. బయటి పూత చెక్కుచెదరలేదు, పిడి గట్టిగానే ఉంది. అలాంటి కుళాయిని పారేయమనడం నాకు నచ్చదు.

విప్పే ముందు నీరు ఎటునుంచి కారుతోందో తెలుసుకోవాలి. పిడి దించి, చల్లనీళ్ల యాంగిల్ కాక్ ఒక్కటే మూయండి. మూతిలో నిలిచిన నీరు కాసేపు చుక్కలుగా పడుతుంది కాబట్టి పది నిమిషాలు ఆగి చూడండి. చుక్క ఆగితే తప్పు చల్లనీళ్ల వైపున ఉన్నట్టు. ఆగకపోతే దాన్ని తెరిచి, వేడినీళ్ల కాక్ మూసి మళ్లీ చూడండి. రెండూ మూసినా ఆగకపోతే కాక్‌లే సరిగా మూసుకోవడం లేదు, గత పాఠానికి వెళ్లండి. ఈ ఇంట్లో చల్లనీళ్ల కాక్ మూశాక చుక్క ఆగింది. మూతి నుంచి కాకుండా పిడి మొదట్లో నీరు ఊరుతుంటే కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే నట్టు వదులైందో, రబ్బరు సీలు చెడిందో చూడాలి. దానికి వెంటనే కొత్త కార్ట్రిడ్జ్ కొనాల్సిన పని లేదు.

ఇక విప్పుదాం. గీజరు ఆపి, రెండు కాక్‌లూ మూసి, పిడి ఎత్తి మిగిలిన నీరు వదిలేయండి. బేసిన్ రంధ్రంపై గుడ్డ వేయండి, చిన్న స్క్రూ అందులోకి జారితే మళ్లీ దొరకదు. పిడి మీద ఎరుపు, నీలం రంగుల చిన్న బిళ్ల ఉంటుంది. దాన్ని మెల్లగా లేపితే లోపల స్క్రూ కనిపిస్తుంది. చాలా కుళాయిల్లో దానికి 2.5 లేదా 3 మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది. స్క్రూ వదులు చేసి పిడిని పైకి లాగండి.

పిడి వచ్చాక ఇంకా విప్పకుండా ఒక్క నిమిషం ఆగండి. కాక్‌లు కొద్దిగా తెరిచి, కార్ట్రిడ్జ్ కాడను పట్టకారుతో మెల్లగా మూసే వైపు చివరిదాకా జరపండి. అప్పుడు చుక్క ఆగితే కార్ట్రిడ్జ్ బాగానే ఉంది, పిడి కింద పేరుకున్న ఉప్పు దాన్ని పూర్తిగా దిగనివ్వడం లేదు. ఉప్పు శుభ్రం చేస్తే పని అయిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా కార్ట్రిడ్జ్ కొనేవాళ్లే ఎక్కువ. బైరాగిపట్టెడ కుళాయిలో ఇలా చేసినా చుక్క ఆగలేదు, అంటే తప్పు లోపలే ఉంది.

మళ్లీ కాక్‌లు మూసి, పై తొడుగును చేత్తో తిప్పి తీయండి. కింద ఇత్తడి నట్టు ఉంటుంది, దాన్ని సరిపడే స్పానరుతో విప్పండి. కార్ట్రిడ్జ్‌ను నిటారుగా పైకి లాగండి. అది ఏ దిక్కున కూర్చుందో ముందే ఫోనులో ఫోటో తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, కొలతలు. దుకాణంలో ఎక్కువగా దొరికేవి 35, 40 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్‌లు. ఆ అంకె డబ్బీ వ్యాసం. వెర్నియర్ కాలిపర్ ఉంటే మేలు, లేకపోతే స్కేలుతోనైనా ఈ రెండింటికి తేడా తెలుస్తుంది. కానీ వ్యాసం ఒక్కటే సరిపోదు, ఎక్కువమంది తప్పు కొనుక్కునేది ఇక్కడే. 35 మిల్లీమీటర్లలోనే అడుగు చదునుగా ఉండేవి, కాళ్లపై నిలబడినట్టు ఎత్తైన అడుగు ఉండేవి వేరువేరు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే సీలు సరిగా ఆనదు. తర్వాత, అడుగు నుంచి నట్టు ఆనే అంచు దాకా ఎత్తు చూడాలి. ఎత్తు ఎక్కువైతే నట్టుకు మర పట్టదు. తక్కువైతే నట్టు చివరిదాకా బిగిసినా సీలు నొక్కుకోదు, కొత్త కార్ట్రిడ్జ్‌తోనూ చుక్క కారుతూనే ఉంటుంది. పిడి తగిలే కాడ మందం, పొడవు, అడుగున పొడుచుకొచ్చి ఉండే రెండు చిన్న పిన్నుల స్థానం కూడా కలవాలి.

నేను అడగగానే దుకాణదారుడు ఒకటి తీసి, "ఇది కూడా ముప్ఫై అయిదే అన్నా, అన్నిటికీ సరిపోతుంది" అన్నాడు. రెంటినీ తలకిందులుగా పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాని అడుగు చదునుగా ఉంది, పాతదానిది ఎత్తైనది. మరో పెట్టె తెరిపిస్తే సరైనది దొరికింది. అందుకే పాతది చేతిలో లేకుండా దుకాణానికి వెళ్లకండి. కొత్తదాని అడుగున సీళ్లన్నీ ఉన్నాయో లేదో కూడా అక్కడే చూసుకోండి.

బిగించే ముందు కుళాయిలో కార్ట్రిడ్జ్ కూర్చునే గూడును శుభ్రం చేయాలి. వినెగర్‌లో తడిపిన గుడ్డను కొంతసేపు ఉంచి తుడిస్తే ఉప్పు వదులవుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకకండి. సీలు ఆనే చోట గీత పడితే అక్కడి నుంచే కారుతుంది. తర్వాత గూడుపై మగ్గు బోర్లించి పట్టుకుని, ఒక్కో కాక్‌ను కొద్దిగా తెరిచి మూయండి. గొట్టాల్లోని ఇసుక బయటికొస్తుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఈ మెట్టు తప్పిస్తే కొత్త బిళ్లలపైనా గీతలు పడతాయి.

సీళ్లు గాడిలో సరిగా కూర్చున్నాయో వేలితో తడిమి చూసి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. వాసెలిన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. అడుగు పిన్నులు గూడులోని రంధ్రాల్లోకి దిగేలా కార్ట్రిడ్జ్‌ను పెట్టి కొద్దిగా అటూ ఇటూ కదిపి చూడండి. సరిగా కూర్చుంటే తిరగదు. తిరిగితే మళ్లీ తీయండి, నట్టుతో నొక్కి సర్దాలని చూడకండి. నట్టును ముందు చేత్తో బిగించి, ఆగిన చోటు నుంచి స్పానరుతో పావు చుట్టు. అంతకు మించితే కాడ బిగుసుకుపోతుంది, కొన్నిసార్లు డబ్బీ పగులుతుంది.

తొడుగు, పిడి పెట్టే ముందు నీటి పరీక్ష చేయాలి. మూతి చివరి జల్లెడ విప్పి, కాడను తెరిచి ఉంచి, కాక్‌లను నెమ్మదిగా తెరవండి. నీరు తేటపడ్డాక కాడ మూసి, నట్టు చుట్టూ పొడి కాగితం తిప్పండి. కాగితం తడిస్తే నట్టు కొంచెం బిగించండి. అప్పటికీ తడిస్తే కార్ట్రిడ్జ్ తీసి సీలు చూడండి. మూతి నుంచి చుక్క పడుతుంటే మొదటి పరీక్షనే మళ్లీ చేసి ఏ వైపో చూడండి. బైరాగిపట్టెడ కుళాయికి పది నిమిషాల తర్వాత కాగితం పొడిగానే ఉంది, మూతి నుంచి చుక్క రాలేదు.

ఆ ఇంట్లో విప్పిన జల్లెడ సగం ఉప్పుతో మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేసి తిరిగి బిగించడం వచ్చే పాఠంలో.