ఘాట్ రోడ్డులో ఇండికేటర్, హజార్డ్, లోబీమ్, హారన్: ఏది ఎప్పుడు వేయాలి?

తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో వచ్చే భాకరాపేట ఘాట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. బండ్లు రెండు వైపులా నడిచే మలుపుల దారి. అక్కడ స్విచ్‌లు సరిగ్గా వాడటం వస్తే ఊళ్లో వాడటానికి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు.

బయల్దేరే ముందు హజార్డ్ బటన్ నొక్కి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఇండికేటర్ బల్బులన్నీ వెలుగుతున్నాయో లేదో ఒకేసారి తేలిపోతుంది. తర్వాత ఇండికేటర్ ఒక పక్కకు వేసినప్పుడు మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటుంటే ఆ పక్క బల్బు ఒకటి పోయినట్టే. మార్చించి కదలండి.

వాన పడినా, మంచు కమ్మినా, చీకటి పడినా లోబీమ్ వేయాలి. డాష్‌బోర్డులో నీలం గుర్తు వెలుగుతోందంటే మీరు హైబీమ్‌లో ఉన్నారు. మంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు నీటి తుంపరలకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. కొత్త కార్లున్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. పగటిపూట వాటంతటవే వెలిగే డీఆర్ఎల్ లైట్లు చాలా కార్లలో ముందువైపు మాత్రమే ఉంటాయి, వాటితో వెనక లైట్లు వెలగవు. లోబీమ్ స్విచ్ తిప్పితేనే వెనకవాడికి మీరు కనపడతారు. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి, దిగే దారి వేరు కాబట్టి హైబీమ్ వేసినా ఫర్వాలేదనుకుంటారు. ముందు కారువాడి అద్దాల్లో ఆ వెలుగు ఎలా పడుతుందో ఆలోచించరు.

పక్కకు తిరిగేటప్పుడు, లేన్ మారేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు, ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఇండికేటర్ వేయాలి. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. కనీసం 3 సెకన్ల ముందు, అంటే 33 మీటర్ల దూరంలోనే వేయండి. స్టీరింగ్ తిప్పుతూ వేసిన ఇండికేటర్ వేసినా వేయనట్టే.

అందరూ తప్పేది హజార్డ్ దగ్గర. ఆగిన బండి కోసం పెట్టిన బటన్ అది. మంచులోనూ వానలోనూ నడుస్తున్న బండికి వేస్తే ఏమవుతుందో చూడండి. మీ కారు మలుపులో ఉంది, వెనక బైక్ వస్తోంది. మధ్యలో ఇంకో బండి అడ్డం ఉండి మీ ఎడమ లైటు వాడికి కనపడదు. కుడి లైటు ఒక్కటే కొట్టుకుంటూ కనపడుతుంది. మీరు కుడికి వెళ్తున్నారని ఒకడు అనుకుంటాడు. దాటెయ్యమని దారిస్తున్నారని ఇంకొకడు అనుకుంటాడు, ఎందుకంటే లారీల వాళ్లలో కొందరు కుడి ఇండికేటర్‌ను ఆ అర్థంలోనే వేస్తారు. వాడు దాటబోయే చోట ఎదురుగా బస్సు వస్తుండొచ్చు. పైగా చాలా కార్లలో హజార్డ్ వెలుగుతున్నంతసేపు ఇండికేటర్ లివర్ వేసినా బయటికి తెలియదు. నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా వెళ్తున్నామని చెప్పడానికి హజార్డ్ వేసేవాళ్లూ ఉన్నారు. నేరుగా పోవడానికి ఏ సిగ్నలూ అక్కర్లేదు.

మరి నిజంగా పంక్చరైతే? ముందు ఎడమ ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి, రోడ్డు దిగి ఆగండి. ఆగాకే హజార్డ్ నొక్కండి. చీకటైతే పార్కింగ్ లైట్లు ఆపకండి. ఎర్ర త్రికోణాన్ని డిక్కీ పక్కనే పెట్టేసి టైరు విప్పుతుంటారు చాలామంది, దానివల్ల ప్రయోజనం లేదు. దాదాపు 50 మీటర్లు వెనక్కి నడిచి పెట్టాలి. మలుపు తిరిగిన వెంటనే ఆగాల్సి వస్తే త్రికోణం మలుపుకు అవతల ఉండాలి, లేకపోతే అది కనపడేసరికి మీ బండి కూడా కనపడిపోతుంది. మళ్లీ కదిలేముందు హజార్డ్ ఆపి, కుడి ఇండికేటర్ వేసి, అద్దం చూసి రోడ్డెక్కండి.

నడుస్తుండగా హజార్డ్‌కు నేను ఒప్పుకునే సందర్భాలు రెండే. ఒకటి, బండిని తాడు కట్టి లాక్కెళ్తున్నప్పుడు. రెండు, హైవేలో ముందు బండ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే వెనకవాళ్లకు తెలిసేలా నాలుగైదు బ్లింకులు.

హారన్ సంగతి చిన్నదే. భాకరాపేట ఘాట్‌లో ఎదురు బండి కనపడని మలుపుకు ముందు ఒక్కసారి, పొట్టిగా కొట్టి, అద్దం కొంచెం దించి వినండి. మలుపులోకి వెళ్లాక కొడితే ఆలస్యమే. రాత్రయితే హారన్‌కు బదులు రెండుసార్లు డిప్ కొట్టండి, మలుపు అవతల కొండమీద పడే వెలుగు ఎదుటివాడికి ముందే తెలుస్తుంది. ఎక్కే బండికీ దిగే బండికీ కలిపి చోటు చాలకపోతే దిగేవాడే ఆగాలి. అక్కడ హారన్ కొట్టి దారి అడిగే హక్కు దిగేవాడికి లేదు.

ఊళ్లో ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉంటే హారన్ కొట్టకూడదు. ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు కూడా అత్యవసరమైతే తప్ప కొట్టకూడదు. అవసరం లేకుండా మోగిస్తే మోటారు వాహనాల చట్టంలోని 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1,000 రూపాయలు, ఆ తర్వాత 2,000 రూపాయల జరిమానా ఉంది.