మామిడి సీజన్‌కు ముందు: గైర్హాజరుపై షోకాజ్ నోటీసు ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు

చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల్లో సీజన్ మొదలైతే చెప్పాపెట్టకుండా మానేసేవాళ్ల మీద నోటీసులూ మొదలవుతాయి. సంతకానికి ముందు ఇవి చూసుకోండి.

తీర్పు రాసేయొద్దు. "మీరు తప్పు చేశారు, ఎందుకు తీసేయకూడదు" అని రాస్తే విచారణకు ముందే నిర్ణయం అయిపోయిందని లేబర్ కోర్టులో వాదిస్తారు. "హాజరు కాలేదని రికార్డు చెబుతోంది, మీ వివరణ ఇవ్వండి" చాలు.

"తరచూ రావడం లేదు" అనొద్దు, తేదీలు రాయండి. మా దగ్గర ఒక ఆపరేటర్ మీద సూపర్‌వైజర్ తొమ్మిది రోజులని రాసిచ్చాడు. మస్టర్ తీస్తే అందులో ఒకటి వారాంతపు సెలవు; రెండు రోజుల సెలవుకు ఆ సూపర్‌వైజరే వాట్సాప్‌లో "సరే" అన్నాడు! మిగిలింది ఆరు: ఏప్రిల్ 7, 8, 21, మే 5, 6, 12. ఆ తొమ్మిదే పంపి ఉంటే ఒక్క తప్పు తేదీతో మిగతావాటి మీదా అనుమానం వచ్చేది.

ఈఎస్ఐ సర్టిఫికెట్ ఉందేమో అడగండి. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో శిక్షించడానికి చట్టం ఒప్పుకోదు.

పాత మెమోలను శిక్షకు లెక్కలోకి తీసుకునేలా ఉంటే, వాటి తేదీలు ఇందులోనే చెప్పండి. తర్వాత బయటపెడితే వాటికి జవాబిచ్చే అవకాశం అతనికి దక్కదు.

మీ స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఏ క్లాజో, జవాబుకు ఆఖరి తేదీ ఏదో రాయండి.

తెలుగులోనే ఇవ్వండి. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, ఇంటి చిరునామాకు పోస్టులో పంపి రసీదు దాచండి.