నెల చివరి పనిదినం, ఐదవ పాఠం: నాలుగో శనివారం దగ్గర వచ్చే చిక్కు

నెల చివరి పనిదినాన్ని చూపేందుకు గత పాఠంలో ఇచ్చిన ఫార్ములాను తమ స్ప్రెడ్‌షీట్లలో వేసి చూసిన పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. రాజోలు వైపున ఒక సహకార పరపతి సంఘంలో లెక్కలు రాసే గుమాస్తాగారు 2026 జూలైకి 31 రావలసిన చోట 30 వస్తోందని రాశారు. భీమవరంలో చేపల మేత దుకాణం పద్దులు చూసే ఒకావిడ తనకు జనవరి, ఫిబ్రవరి సరిగ్గానే వచ్చి మార్చి నుంచి తేడా పడుతోందని, షీటే పాడైందేమోనని అనుమానించారు. షీటు పాడవలేదు. ఇద్దరూ వేసిన ఫార్ములా ఇది:

```
=WORKDAY(EOMONTH(A2,0),-1)
```

గత పాఠంలో ఇచ్చినది ఇది:

```
=WORKDAY(EOMONTH(A2,0)+1,-1)
```

రెండింటికీ తేడా `+1` ఒక్కటే. దానిని అనవసరమనుకుని తీసేసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి, ఈసారి కొత్త విషయానికి వెళ్లే ముందు దీనిని పూర్తిగా విప్పి చెప్పక తప్పదు.

`A2`లో ఆ నెల తేదీ ఒకటి ఉంటుంది, `EOMONTH` ఆ నెల చివరి తేదీని ఇస్తుంది. `WORKDAY` తనకు ఇచ్చిన తేదీని ఎన్నడూ లెక్కలోకి తీసుకోదు. ఆ తేదీని వదిలిపెట్టి, దాని ముందు రోజు నుంచి వెనక్కి నడుస్తూ, ఎదురైన మొదటి పనిదినం దగ్గర ఆగుతుంది. 2026 జూలై 31 శుక్రవారం, నిక్షేపంగా పనిదినం. అయినా దాని దగ్గరే నిలబడి ఒక పనిదినం వెనక్కి వెళ్లమంటే 30వ తేదీ గురువారానికే వెళ్తుంది, ఎందుకంటే మనం అడిగినది అదే. అందుకే ముందుగా ఒక రోజు కలిపి వచ్చే నెల 1వ తేదీన నిలబడాలి. ఆగస్టు 1 నుంచి వెనక్కి చూస్తే మొదట కనిపించేది జూలై 31. అది పనిదినమైతే అక్కడే ఆగుతుంది, సెలవైతే ఇంకా వెనక్కి వెళ్తుంది.

మరి జనవరి, ఫిబ్రవరి ఎందుకు సరిగ్గా వచ్చాయి? 2026 జనవరి 31 శనివారం, ఫిబ్రవరి 28 కూడా శనివారమే. `WORKDAY` శని, ఆదివారాలు రెండింటినీ సెలవులుగానే లెక్కిస్తుంది కనుక, నెల చివరి రోజు సెలవైనప్పుడు అక్కడి నుంచి బయలుదేరినా, మర్నాటి నుంచి బయలుదేరినా చేరేది ఒకే శుక్రవారానికి. మార్చి 31 మంగళవారం పనిదినం కావడంతో అక్కడ తప్పు బయటపడింది. అంటే `+1` లేని ఫార్ములా నెల సెలవుతో ముగిస్తే ఒప్పు చూపుతుంది, పనిదినంతో ముగిస్తే ఒక పనిదినం వెనక్కి లాగుతుంది. మొదటి రెండు వరుసలు చూసి కిందికి లాగేసిన వారందరూ ఈ కారణంగానే దెబ్బతిన్నారు. కాబట్టి ఫార్ములాను పరీక్షించేటప్పుడు వారం మధ్యలో ముగిసే నెలను ఒకదానిని తప్పకుండా చూడండి. 2026లో సెప్టెంబరు 30 బుధవారం, ఆ పనికి బాగా సరిపోతుంది.

(ఫలితం 46234 వంటి సంఖ్యగా కనిపిస్తే సెల్‌కు తేదీ ఫార్మాట్ ఇవ్వండి. అది జూలై 31వ తేదీయే.)

ఇక ఈనాటి విషయం. శని, ఆదివారాలు రెండూ సెలవు అనే లెక్క మన పనులకు చాలావరకు సరిపోదు. సంఘంలో నెలాఖరున నగదు చిట్టాను బ్యాంకు ఖాతాతో సరిచూడాలన్నా, కొబ్బరి వర్తకుడు నెల చివరి వసూళ్లను జమ చేయాలన్నా, కావలసినది బ్యాంకు తెరిచి ఉండే చివరి రోజు. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మిగిలిన శనివారాలు, అంటే ఒకటి, మూడు, ఐదు పనిదినాలు. జనవరి 31 ఐదో శనివారం కాబట్టి బ్యాంకు తెరిచి ఉంటుంది, కానీ పాత ఫార్ములా 30వ తేదీని చూపుతుంది. ఒక రోజు వసూళ్లు లెక్కకు ఎక్కకుండానే చిట్టా మూసేసినట్లవుతుంది.

శనివారాన్ని పనిదినంగా మార్చడానికి `WORKDAY.INTL` ఉంది. దానిలో మూడో స్థానంలో వారపు సెలవుల సంకేతం వస్తుంది. 11 అంటే ఆదివారం మాత్రమే సెలవు.

```
=WORKDAY.INTL(EOMONTH(A2,0)+1,-1,11)
```

`.INTL` మరిచిపోయి ఉత్త `WORKDAY`లో 11 వేస్తే షీటు ఏ తప్పూ చూపదు. ఆ 11ను ఒక సెలవు తేదీగా, అదీ 1900 నాటి తేదీగా తీసుకుని, శనివారాలను ఎప్పటిలాగే వదిలేస్తుంది. ఇది కంటికి కనిపించని తప్పు.

సరైన రూపంలో వేస్తే జనవరికి 31 వస్తుంది. మే 31 ఆదివారం కాబట్టి 30వ తేదీ శనివారం వస్తుంది. అది ఐదో శనివారమే, కనుక సరి. అక్టోబరు 31 కూడా ఐదో శనివారమే. కానీ ఫిబ్రవరికి 28 వస్తుంది. ఆ రోజు నాలుగో శనివారం, బ్యాంకు మూసి ఉంటుంది. నాలుగో శనివారం ఎప్పుడూ 22 నుంచి 28 మధ్యనే పడుతుంది. 28 రోజుల ఫిబ్రవరిలో చివరి శనివారం ఏ సంవత్సరమైనా నాలుగోదే అవుతుంది కాబట్టి, ఆ నెలను ప్రత్యేకంగా గమనించాలి. మిగతా నెలల్లో నాలుగో శనివారం అడ్డు రావాలంటే దాని తర్వాతి రోజులన్నీ సెలవులు కావాలి. అది అరుదే, అయినా జరగదని చెప్పలేము. రెండో శనివారం 14వ తేదీ దాటదు కనుక నెలాఖరు లెక్కలో దానితో పని లేదు, నేను జాబితాలో చేర్చను.

నాలుగో శనివారాలను పంచాంగం చూసి చేత్తో రాసుకునేవారున్నారు. ఏటా మళ్లీ రాయాలి, ఏటా ఒకటి తప్పుతుంది. షీటు చేతనే రాయించడం మేలు. `Dates` అనే షీటులో `A2`లో సంవత్సరపు మొదటి తేదీ వేసి, కింద `A3` నుంచి `A13` వరకు నెల మొదటి తేదీలు వచ్చేలా చూడండి.

```
A2:  =DATE(2026,1,1)
A3:  =EDATE(A2,1)
```

తర్వాత `Selavulu` అనే రెండో షీటులో `A2` నుంచి `A13` వరకు ఇది లాగండి:

```
=Dates!A2+28-WEEKDAY(Dates!A2)
```

`WEEKDAY` ఆదివారానికి 1, శనివారానికి 7 ఇస్తుంది. 2026 ఫిబ్రవరి 1 ఆదివారం, అంటే 1. ఒకటో తేదీకి 28 కలిపి 1 తీసేస్తే 27 రోజులు ముందుకు వెళ్లి 28వ తేదీ వస్తుంది. జనవరి 1 గురువారం, అంటే 5. 23 రోజులు ముందుకు వెళ్తే 24. రెండూ నాలుగో శనివారాలే.

అదే కాలమ్‌లో `A14` నుంచి కిందికి బ్యాంకులకు ప్రకటించిన పండుగ సెలవులు రాయండి. ఇవి లేకపోతే ఏమవుతుందో 2024 అక్టోబరు చూపుతుంది. ఆ నెల 31 గురువారం నాడు దీపావళి. జాబితాలో ఆ తేదీ లేని షీటు 31నే చివరి పనిదినంగా చూపింది, నిజానికి అది 30వ తేదీ బుధవారం. ఇప్పుడు `Dates` షీటులో `B2`లో వేయవలసిన పూర్తి ఫార్ములా:

```
=WORKDAY.INTL(EOMONTH(A2,0)+1,-1,11,Selavulu!$A$2:$A$40)
```

దీనిని `B13` వరకు లాగితే పన్నెండు నెలల తేదీలు వస్తాయి. ఫిబ్రవరికి ఇప్పుడు 27వ తేదీ శుక్రవారం రావాలి. డాలరు గుర్తులు వదిలేస్తే కిందికి లాగినకొద్దీ జాబితా జరిగిపోయి పై వరుసల సెలవులు రాలిపోతాయి.

ప్రతి నెల తేదీని పైనున్న `B` సెల్ నుంచి తీయాలని కొందరికి అనిపిస్తుంది. నేను ఎప్పుడూ `A` కాలమ్ నుంచే తీస్తాను. `EDATE`ను జనవరి 31 మీద నడిపితే ఫిబ్రవరి 28 ఇస్తుంది, దాని మీద మళ్లీ నడిపితే మార్చి 28 ఇస్తుంది, ఇక ఆ సంవత్సరమంతా 28 దగ్గరే నిలిచిపోతుంది. `EOMONTH` వాడితే ఈ చిక్కు రాదు గానీ, పని ఆలస్యమై ఎవరైనా `B` సెల్‌లో వచ్చే నెల 1వ తేదీని చేత్తో రాస్తే, కింది వరుస ఒక నెలను దాటేస్తుంది. ఒకటో తేదీల కాలమ్‌ను ఎవరూ ముట్టుకోరు, అందుకే దానిని నమ్ముతాను.

సెలవుల జాబితాలో ఒక తేదీ సెల్‌లో ఎడమ వైపుకు ఆనుకుని ఉంటే దానిని అనుమానించండి. షీటు అమెరికా పద్ధతిలో ఉన్నప్పుడు 14-01-2026 అని రాస్తే అందులో 14వ నెల లేదు కనుక అది వట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది. 05-03-2026 అని రాస్తే అంతకంటె ప్రమాదం, మార్చి 5 కాస్తా మే 3 అయి కుడి వైపునే బుద్ధిగా కూర్చుంటుంది. మొదటి రకాన్ని పట్టడానికి ఇది చాలు, ఫలితం 0 రావాలి:

```
=COUNTA(A2:A40)-COUNT(A2:A40)
```

రెండో రకాన్ని ఇది పట్టదు. దానికోసం ఆ కాలమ్‌కు నెల పేరు కనిపించే ఫార్మాట్ ఇచ్చి ఒకసారి పైనుంచి కిందికి చదవండి.

చివరగా, `C2`లో తనిఖీ పెట్టి కిందికి లాగండి:

```
=NETWORKDAYS.INTL(B2,EOMONTH(A2,0),11,Selavulu!$A$2:$A$40)
```

`B2` తేదీతో కలిపి నెలాఖరు వరకు ఎన్ని పనిదినాలున్నాయో ఇది చెబుతుంది. ప్రతి వరుసలోనూ 1 ఉండాలి. 2 ఉంటే తేదీ ఒక పనిదినం ముందుగా పడింది, అంటే `+1` పోయింది. 0 ఉంటే ఎవరో ఆ సెల్‌లో చివరి పనిదినం తర్వాతి సెలవు రోజును చేత్తో రాశారు. మైనస్ సంఖ్య ఉంటే వచ్చే నెల తేదీని రాశారు. అయితే జాబితాలో అసలే లేని పండుగను ఈ తనిఖీ కనిపెట్టలేదు, ఎందుకంటే ఇది చూసేది కూడా అదే జాబితాను.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది: `A14`లో పరీక్ష కోసం 2026 నవంబరు 30ను సెలవుగా రాయండి. 29 ఆదివారం, 28 నాలుగో శనివారం కనుక ఫలితం 27వ తేదీ శుక్రవారానికి దిగాలి. 28 దగ్గర ఆగితే `Selavulu` కాలమ్‌లో పై పన్నెండు వరుసలను సరిచూసుకోండి. ఆ తర్వాత ఆ పరీక్ష తేదీని తీసేసి, `Dates` షీటు `A2`లో సంవత్సరాన్ని 2027గా మార్చండి. ఫిబ్రవరికి 26 రావాలి.

రెండోదానికి కాస్త ఓపిక కావాలి. మీ దుకాణానికి మంగళవారం వారపు సెలవు, బ్యాంకుకు ఆదివారం సెలవు, రెండూ తెరిచి ఉండే చివరి రోజు కావాలి. 11 స్థానంలో సోమవారంతో మొదలై ఆదివారంతో ముగిసే ఏడు అంకెల వరుసను కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వవచ్చు, అందులో 1 అంటే సెలవు, 0 అంటే పనిదినం. ఆ వరుసను మీరే కూర్చి, `B`, `C` కాలమ్‌లు రెండింటిలోనూ మార్చండి. పండుగ సెలవులేవీ జాబితాలో లేకుండా 2026కు వేసి చూస్తే, ముందరి ఫలితాలతో పోల్చినప్పుడు రెండు నెలలే మారాలి: మార్చి 30కి, జూన్ 29కి. మూడో నెల ఏదైనా మారితే మీ వరుసలో 1 పక్క రోజు మీద పడిందన్నమాట.