శాసనాల కాలం నవలలో పాత్రల పేర్లు: లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేయడం

మధ్యయుగ దక్షిణదేశం చాలా పెద్దది. అందుకే ఇక్కడ ఒక్క చోటు, ఒక్క కాలం తీసుకుందాం. సింహాచలం గుడిని గంగవంశపు రాజు నరసింహుడి పేర అక్కతాయి సేనాపతి కట్టించిన రోజులు, అంటే 1268 ప్రాంతం. విశాఖపట్నంలో కూర్చుని ఈ కథ రాసేవారికి ఆధారాలు కొండ మీదే ఉన్నాయి. గుడి గోడలపైనా స్తంభాలపైనా ఉన్న శాసనాలు అచ్చులో కూడా దొరుకుతాయి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో ఆరోదానిలో సింహాచలం, ఐదోదానిలో ముఖలింగం, శ్రీకూర్మం, నాలుగోదానిలో ద్రాక్షారామం శాసనాలు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో వీటి కోసం అడగండి.

ఉదాహరణకు ఒక రాతప్రతిలో నాలుగు పాత్రలు ఉన్నాయనుకుందాం: సైనికుడు విక్రమ్, వర్తకుడి కూతురు ప్రియంవద, కరణం వెంకటరావు, శిల్పి రుద్రసేనుడు. నాలుగూ నప్పవు. అయితే ఒక్కోటి నప్పకపోవడానికి ఒక్కో కారణం ఉంది.

సమస్య: పేరు వినగానే ఈ కాలం మనిషి గుర్తొస్తున్నాడు

విక్రమ్‌లో లోపం పొల్లు అక్షరం. ఆనాటి తెలుగు పేరు అచ్చుతో ముగుస్తుంది. విక్రమ్, కిరణ్, ప్రసాద్ అని హల్లు మీద ఆగే పేర్లు మన కాలానివి. ప్రతిలో పొల్లుతో ముగిసే పేర్లన్నిటినీ ముందు ఏరేయండి. సగం పని అక్కడే అయిపోతుంది.

వెంకటరావులో రెండు లోపాలున్నాయి. వెంకటతో మొదలయ్యే పేర్లు తెలుగునాట జోరందుకున్నది విజయనగర కాలంలో, తిరుమల ప్రాభవం పెరిగాక. అరవీటి వెంకటపతి రాయలు ఏలింది 1586 నుంచి 1614 దాకా, అంటే మన కథకు మూడు వందల ఏళ్ల తర్వాత. ఇక ‘రావు’ను ఊరి కరణం పేరుకు తోకగా తగిలించడం ఇంకా తర్వాతి అలవాటు.

13వ శతాబ్దంలో మామూలు మనుషుల పేర్లకు మూలాలు చిన్నవి: మల్ల, నాగ, పోత, గుండ, కేత, కొమ్మ, సూర, ఎర్ర, ప్రోల, బేత. వీటికి ‘న’ గానీ ‘య’ గానీ చేరిస్తే మగవాడి పేరు: కేతన, సూరన, గుండయ, నాగయ. ‘మ’ చేరిస్తే ఆడమనిషి పేరు: పోతమ, సూరమ, నాగమ. సింహాచలం చుట్టుపక్కల కథ కాబట్టి నరసింహస్వామి పేరు వాడుకలో అరిగి ‘సింగ’ అయిన రూపం బాగా అతుకుతుంది. విక్రమ్ సింగన అవుతాడు. వెంకటరావు కేతన అవుతాడు.

సమస్య: పేర్లన్నీ కావ్యంలోంచి దిగినట్టున్నాయి

ప్రియంవద, రుద్రసేనుడు తప్పు పేర్లేమీ కావు. చిక్కల్లా అవి ఎవరికి పెట్టారన్న దగ్గర వచ్చింది. దీనికి కారణం శాసనాన్ని పైనుంచి చదివి, మధ్యలోనే ఆపేయడం. మొదట్లో వచ్చే ప్రశస్తి సంస్కృత శ్లోకాలతో రాజవంశాన్ని పొగుడుతుంది. పేర్లు అక్కడి నుంచే ఏరుకుంటే ఊళ్లో ప్రతివాడూ రాకుమారుడిలా వినిపిస్తాడు.

అందుకని శాసనాన్ని అడుగునుంచి చదవండి. దానం ఎవరిచ్చారు, ఎవరి పుణ్యానికి ఇచ్చారు, సాక్షులెవరు, గుడిలో అఖండదీపానికి ఇచ్చిన ఆవుల్నో గొర్రెల్నో పెంచుతూ నెయ్యి పోయాల్సిన బాధ్యత ఏ బోయది అన్నవి చూడండి. ద్రాక్షారామం శాసనాల్లో ఇలాంటి బోయల పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మామూలు జనం చరిత్రలో కనిపించేది ఈ చివరి పంక్తుల్లోనే.

ఒకే మనిషికి రెండు రూపాలుంటాయన్నది ఇక్కడే గుర్తుంచుకోవాలి. బయ్యారం చెరువు తవ్వించిన గణపతిదేవుడి చెల్లెలు ఇంట్లో మైలమ, శ్లోకంలో మైలాంబ. నవలకు ఇది మంచి పనిముట్టు. వర్తకుడి కూతుర్ని అమ్మానాన్నలు ‘సూరమ’ అని పిలుస్తారు. ఆమె గుడికి దీపం ఇచ్చినప్పుడు శాసనం రాసే పండితుడు ‘సూరాంబ’ అని చెక్కిస్తాడు. ఒకే పేరుతో రెండు భాషాస్థాయిలు పలికించవచ్చు. మరే వివరణా అక్కర్లేదు.

సమస్య: పేరు సరైనదే, కానీ మనిషి ఎవరో తెలియడం లేదు

పేరు చివర హోదా గానీ వృత్తి గానీ చెప్పే మాట లేకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఆనాటి మనిషికి సొంత పేరు సగమే. మిగతా సగం ఆ మాటే చెబుతుంది. వర్తకుడికి సెట్టి, పశుపాలకుడికి బోయ, కంసాలికీ శిల్పికీ ఓజు, మంత్రికీ పెద్ద ఉద్యోగికీ ప్రెగ్గడ, ప్రభువు కోసం ప్రాణమిచ్చే అంగరక్షకుడికి లెంక, దండు నడిపేవాడికి నాయకుడు. ఈ లెక్కన శిల్పి రుద్రసేనుడు ‘నాగోజు’ అవుతాడు, సూరమ తండ్రి ‘మల్లిసెట్టి’ అవుతాడు, సింగన దళానికి పెద్దయ్యాక ‘సింగన నాయకుడు’ అవుతాడు.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఈ మాటల్ని నేటి కులాలకు అతికించకూడదు. నాయకుడు అన్నది చాలామటుకు సంపాదించుకున్న హోదా. శాసనాల్లో తండ్రికి ఒక మాట, కొడుక్కి మరో మాట ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. బోయ కొడుకు నాయకుడు కావడం ఆ కాలానికి కల్పన కాదు. నవలాకారుడికి అది బంగారంలాంటి కథాంశం కూడా. ‘సాని’ అన్న మాటకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. గూడూరు శాసనంలో విరియాల కామసాని సామంత ప్రభువు ఇల్లాలు. సాని అనగానే దేవదాసి అనుకుని పాత్రను మలిస్తే కథే పక్కదారి పడుతుంది.

ఇంటిపేర్ల విషయంలో క్లుప్తంగా ఒక మాట. రేచెర్ల, మల్యాల, గోన లాంటివి ప్రభువుల కుటుంబాలకు చెల్లుతాయి. నాగోజుకు ఇంటిపేరు పెట్టకండి. ఊరి పేరో తండ్రి పేరో చాలు.

సమస్య: బిరుదే పేరుగా మారిపోయింది

కాపయ నాయకుడిని ‘ఆంధ్రసురత్రాణుడు’ అని ఎవరూ భోజనానికి పిలవరు. రుద్రమదేవి బిరుదు ‘రాయగజకేసరి’. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అనే మగపేరుతోనూ పేర్కొంటాయి. అది చూసి రుద్రదేవుడనే వేరే మగరాజును కథలోకి తెచ్చుకునే ప్రమాదం ఉంది. బిరుదు వాడదగ్గ చోట్లు మూడే: సభలో వంది మాగధుల నోట, శాసన పాఠంలో, శత్రువుకు పంపే లేఖలో. ఇంటి మాటల్లో కనిపిస్తే కొట్టేయండి.

సమస్య: ఒక కుటుంబంలో పేర్లకు పొంతన లేదు

తాతకు వీరభద్రుడు, తండ్రికి చంద్రశేఖరుడు, కొడుక్కి ఆదిత్యుడు అని పెట్టిన కుటుంబం కల్పితంగానే తోస్తుంది. ఆనాడు మనవడికి తాత పేరు పెట్టేవారు. కాకతీయుల్లో మొదటి బేతరాజు కొడుకు మొదటి ప్రోలరాజు, అతని కొడుకు రెండో బేతరాజు, అతని కొడుకు రెండో ప్రోలరాజు. తల్లివైపు తాత పేరూ వస్తుంది. వేంగి రాజరాజ నరేంద్రుడి తల్లి చోళ రాజరాజు కూతురు. నరేంద్రుడి కొడుకు, తర్వాత కులోత్తుంగ చోళుడైనవాడు, మొదట రాజేంద్రుడు. అదీ తల్లివైపు తాత పేరే.

దీన్ని పాటిస్తే కొత్త తలనొప్పి వస్తుంది. రెండు పేర్లే ఇల్లంతా తిరుగుతుంటే పాఠకుడు ఎవరెవరో మరిచిపోతాడు. దీనికి మందు ఆనాటివారే వాడారు. కొమ్మన కొడుకు తిక్కన, అతని పెదతండ్రి సిద్ధన కొడుకూ తిక్కనే. ఒకరు తిక్కన సోమయాజి, ఇంకొకరు ఖడ్గ తిక్కన. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి పేరులో ‘పెద’ చేసిన పనీ అదే. పెద, పిన, ఎర్ర, నల్ల లాంటి ముందుమాటలు వాడుకోండి. ముఖ్య పాత్రల్లో మాత్రం ప్రోలన, పోలన, పోతన ముగ్గురినీ ఒకే అధ్యాయంలో పెట్టకండి. నిజంగా అలా ఉండి ఉండొచ్చు, కానీ చదివేవాడి కన్ను ఆ తేడా పట్టదు. ముఖ్యులు నలుగురికీ మొదటి అక్షరం వేరుగా ఉంచడం మేలు. సింగన, సూరమ ఇద్దరూ ‘స’తోనే మొదలయ్యారు కాబట్టి, వాళ్లు జంటగా నడిచే కథైతే ఆమెను గుండమగా మార్చండి. శాసనంలో గుండాంబ అవుతుంది.

సమస్య: ఉత్తరాంధ్ర కథ, పేర్లు మాత్రం ఓరుగల్లువి

కాకతీయ సాహిత్యం ఎక్కువ చదివితే ఇలా అవుతుంది. సింహాచలం అప్పుడు గంగరాజుల ఏలుబడిలో ఉంది. రాజకుటుంబంలో అనియంకభీముడు, నరసింహుడు, భానుదేవుడు లాంటి పేర్లు నడిచాయి. అక్కతాయి లాంటి పేరు తెలుగు మూలాల జాబితాలో ఇమడదు. అలా ఇమడని పేర్లు రెండు మూడైనా ఉండాలి. పైగా మన పట్నానికి కులోత్తుంగచోళపట్నం అనే పేరూ ఉండేది. సముద్ర వర్తకుల అంజువణ్ణం సంఘం ఇక్కడి శాసనాల్లో కనిపిస్తుంది. రేవు దృశ్యంలో అందరూ సెట్టిలే అయితే ఆ రేవు విశాఖలా అనిపించదు. బయటి వర్తకుడికి పేరు ఊహించి పెట్టకుండా, అతను వచ్చిన ప్రాంతపు శాసనాల్లోంచే ఏరండి.

పేరు ఖాయం చేసే ముందు

శాసనంలో ఉండేది శక సంవత్సరం. దానికి 78 కలపండి: శకం 1190 అంటే 1268. జనవరి నుంచి ఉగాదిలోపు తేదీ అయితే 79 కలపాలి. కథాకాలానికి ముప్పై ఏళ్లు అటూ ఇటూ ఉన్న శాసనాలను ఒక నలభై తీసి పట్టిక రాసుకోండి. అందులో పేరు, తండ్రి పేరు, హోదా మాట, ఊరు, శక సంవత్సరం, దాతా సాక్షా అన్న గడులు ఉండాలి. అరవై ఏళ్ల పాత్రకు పేరు పెట్టాల్సివస్తే అతను పుట్టిన దశకపు శాసనాలు చూడాలి, కథ జరిగే దశకంవి కాదు.

చివరిగా కంప్యూటర్లో పేర్లు మార్చేటప్పుడు వచ్చే చిక్కు. ‘రుద్రసేనుడు’ అని వెతికి ఒక్కసారిగా మార్చేస్తే ‘రుద్రసేనుడి’, ‘రుద్రసేనుణ్ణి’, ‘రుద్రసేనా!’ అన్నవి అలాగే మిగిలిపోతాయి. తోక వదిలేసి ‘రుద్రసేను’ అని మార్చితే ‘నాగోజుణ్ణి’ లాంటి వికృత రూపాలు పుడతాయి. అందుకే ప్రతి విభక్తి రూపాన్నీ విడిగా వెతకాలి: -డు, -డి, -ణ్ణి, -డికి, -డితో, సంబోధన. ఒక్కో రూపానికీ కొత్త పేరు ఏమవుతుందో ముందే కాగితం మీద రాసుకోండి: నాగోజు, నాగోజు (రుద్రసేనుడి బదులు), నాగోజుని, నాగోజుకి, నాగోజుతో, నాగోజూ! ఆ తర్వాత ‘రుద్రసే’ అన్నంత మట్టుకే ఇచ్చి ఇంకోసారి వెతకండి. ఏమీ దొరకకపోతే ఆ పాత్ర పని పూర్తయినట్టే, రెండోదానికి వెళ్లవచ్చు.