పెట్టెలు పెట్టినా పుచ్చ పిందె రాలిపోతుంటే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

హైదరాబాద్ చుట్టుపక్కల, చేవెళ్ల వైపో ఇబ్రహీంపట్నం వైపో, పుచ్చ వేసిన రైతులు తేనెటీగల పెట్టెలు తెచ్చుకుంటున్నారు. వాటిలో చాలా పెట్టెల ముందు ఈగలు ఎగురుతూనే ఉంటాయి. అయినా పిందె నిలవదు, నిలిచిన కాయ ఒక పక్క సొట్టపోతుంది. సొట్టకాయను బాటసింగారం మార్కెట్లో ఎవరూ మంచి ధరకు తీసుకోరు. తప్పు ఈగలదా, పెట్టెదా, పొలందా అని తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది. ఇందులో చెప్పినవి మెల్లిఫెరా అనే విదేశీ జాతి ఈగల పది ఫ్రేముల పెట్టెల లెక్కలు. మన నాటు సెరానా ఈగలకు రోజుల్లో కొద్ది తేడా ఉంటుంది.

లక్షణం: పువ్వులు రాలిపోతున్నాయి

ముందు రాలిన పువ్వు ఏదో చూడండి. పుచ్చ తీగ మీద మొదట వచ్చేవన్నీ మగపువ్వులే. ఆడపువ్వులు దాదాపు పది రోజులు ఆలస్యంగా మొదలవుతాయి, సంఖ్యలోనూ తక్కువ. రేకుల కింద గోలీ అంత నూగు పిందె ఉంటే అది ఆడపువ్వు, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. మగపువ్వు ఒక్క పూట విచ్చుకుని రాలిపోవడం మామూలే. కొత్తవాళ్లు ఇది చూసి టెన్షన్ పడి మందు కొట్టేస్తారు, దాంతో ఈగలు చస్తాయి. అక్కడి నుంచి నిజమైన సమస్య మొదలవుతుంది.

లక్షణం: ఆడపువ్వు పిందె నాలుగైదు రోజుల్లో పసుపెక్కి ఎండిపోతోంది, లేదా కాయ వంకరగా పెరుగుతోంది

దీనికి కారణం రెండింటిలో ఒకటి. పుప్పొడి చాలలేదు, లేదా నీరు, ఎరువు, వైరస్ తెగులు లాంటిదేదో ఉంది. ఊహించనక్కర్లేదు, పరీక్ష చేస్తే తెలిసిపోతుంది.

సాయంత్రం పొలంలో తిరిగి, కొన పసుపు తిరిగి మర్నాడు విచ్చుకునేలా ఉన్న ఆడమొగ్గలు పది ఎంచుకోండి. వాటికి చిన్న కాగితపు సంచులు తొడగండి. మర్నాడు ఉదయం ఎండ ముదరకముందే, అప్పుడే విచ్చుకున్న మగపువ్వులు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పసుపు భాగాన్ని ఆడపువ్వు కీలాగ్రం మీద మెల్లగా అద్దండి. కీలాగ్రానికి మూడు భాగాలుంటాయి, మూడింటికీ తగలాలి. సాయంత్రం దాకా మళ్లీ సంచి తొడిగి, కాడకు దారం కట్టండి. అదే రోజు విచ్చుకున్న ఇంకో పది ఆడపువ్వులకు వేరే రంగు దారం కట్టి ఈగలకే వదిలేయండి. ఐదారు రోజుల తర్వాత పోల్చి చూడండి.

చేత్తో అద్దినవి నిలిచి, ఈగలకు వదిలినవి రాలితే పరాగసంపర్కం చాలడం లేదన్నమాట. కింద చదవండి. రెండూ రాలితే తేనెటీగలతో సంబంధం లేదు. నీటి తడులు, ఆకుల మీద వైరస్ మచ్చలు చూసుకోవాలి. ఒకటి గుర్తుంచుకోండి: తీగ తాను మోయగలిగిన రెండు మూడు కాయలు పట్టాక మిగతా పిందెలను తానే వదిలేస్తుంది. అందుకే ఈ పరీక్ష తొలి ఆడపువ్వుల మీదే చేయాలి.

వంకర ఎందుకొస్తుందో తెలిస్తే ఈగల అవసరమూ అర్థమవుతుంది. పుప్పొడి రేణువు ఒక్కోటి లోపలికి దిగి ఒక్కో అండాన్ని విత్తనం చేస్తుంది. పెరిగే విత్తనం వదిలే హార్మోన్ల వల్లే చుట్టూ ఉన్న గుజ్జు ఉబ్బుతుంది. విత్తనాలు లేని పక్క గుజ్జు పెరగదు, కాయ అటువైపు సొట్టపోతుంది. నిండు కాయకు వందల విత్తనాలు కావాలి, అందుకు దాదాపు వెయ్యి రేణువులు మూడు భాగాల మీదా సమంగా పడాలి. ఈగ ఒకసారి వాలితే అన్ని రావు. ఒక్కో ఆడపువ్వుకు కనీసం ఎనిమిదిసార్లు ఈగ రావాలని లెక్క. అంతటికీ ఉన్న సమయం ఒక్క ఉదయమే. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుంటుంది, మర్నాడు తెరుచుకోదు. పుచ్చ పుప్పొడి జిగటగా ఉంటుంది కాబట్టి గాలి ఆ పని చేయలేదు. వరి పువ్వుకు ఎక్కువగా తన పుప్పొడే సరిపోతుంది, మొక్కజొన్నకు గాలి చాలు, అక్కడ పెట్టెలు పెట్టినా దిగుబడిలో తేడా రాదు.

లక్షణం: పెట్టె ముందు సందడి ఉంది, పొలంలో పువ్వుల మీద ఈగలు లేవు

ఉదయం ఎనిమిది తొమ్మిది మధ్య ఒక సాలు వెంట నెమ్మదిగా నడవండి. నూరు పువ్వులకు ఒక ఈగైనా కనపడాలి. అది కూడా లేకపోతే ఈగలు వేరేచోటికి వెళ్తున్నాయి. ఫిబ్రవరిలో చుట్టుపక్కల ఆవాలో, పొద్దుతిరుగుడో పూసి ఉంటే పుచ్చ పువ్వు వాటికి పోటీ ఇవ్వలేదు. పుచ్చలో మకరందం తక్కువ.

పెట్టెలు పూత రాకముందే దింపితే ఇది తప్పదు. ఈగ ఒకచోట మేత దొరికితే రోజూ అక్కడికే వెళ్తుంది, నాట్యం చేసి మిగతావాటికీ దారి చెబుతుంది. పుచ్చ పూసేసరికి పక్క చేను వాటికి అలవాటైపోయి ఉంటుంది. అందుకని ఆడపువ్వులు అక్కడక్కడ కనపడటం మొదలయ్యాక, సుమారు పదో వంతు పూత వచ్చాక, రాత్రిపూట పెట్టెలు తెచ్చి దింపాలి. ఇప్పటికే తప్పు జరిగితే, పెట్టెలను ఐదు కిలోమీటర్ల అవతలకు తీసుకెళ్లి కొన్ని రోజులుంచి మళ్లీ తెస్తే చాలావరకు కుదురుకుంటాయి. ఎకరానికి ఒకటి రెండు బలమైన పెట్టెలు చాలు.

లక్షణం: ఈగలే తక్కువ, వచ్చేవాటి కాళ్లకు పుప్పొడి లేదు

ఇదే ఎక్కువమందికి ఎదురయ్యే చిక్కు, జాగ్రత్తగా చూడాల్సింది కూడా ఇదే. పెట్టె తలుపు పక్కన కాసేపు కూర్చోండి. తిరిగొచ్చే ఈగల వెనక కాళ్లకు పసుపు ముద్దలు కనపడాలి. ఎంతసేపు చూసినా కనపడకపోతే పెట్టె మూత తెరవాల్సిందే.

తేనెటీగ పుప్పొడి తెచ్చేది తన కోసం కాదు, పిల్లల కోసం. మైనపు గదుల్లో ఇంకా మూత పడని పిల్లపురుగులు ఎన్ని ఉంటే అంత పుప్పొడి కావాలి. ఆ పురుగులు వదిలే వాసనే ఈగలను పుప్పొడికి పరుగెత్తిస్తుంది. పురుగులు లేని పెట్టెలో ఈగలు మకరందం కోసం కొంత తిరుగుతాయి, అంతే.

చేవెళ్ల వైపు ఒక తోటలో ఇదే జరిగింది. పుచ్చ విత్తింది జనవరి మొదటి వారంలో. ఫిబ్రవరి నడిమికి ఆడపువ్వులు వచ్చాయి, పెట్టెలు సమయానికే దిగాయి. మూడు పెట్టెల్లో ఒకటి మందకొడిగా ఉంది. పెట్టెల ఆసామి సూర్యుడికి వీపు పెట్టి నిలబడి ఫ్రేము పైకి తీసి చూపించాడు. ఎండ భుజం మీదుగా గదిలోకి పడితే గది అడుగున గుడ్డు సన్నటి బియ్యపు నూకలా నిలబడి కనిపిస్తుంది. ఆ ఫ్రేములో గుడ్డూ లేదు, పురుగూ లేదు. అక్కడక్కడ మూత వేసిన గదులు కొన్ని మాత్రం ఉన్నాయి.

"రాణి పోయినట్టుందన్నా, రెండు వారాలైనా అయి ఉంటది" అన్నాడు.

"కొత్త రాణిని పెట్టరాదు?" అని రైతు అడిగాడు.

"పెట్టొచ్చు, ఈ పంటకు పనికిరాదు."

ఆయన లెక్క ఇదీ. గుడ్డు మూడు రోజులు, పురుగు ఆరు రోజులు, మూత లోపల పన్నెండు రోజులు. ఇరవై ఒకటో రోజు కూలి ఈగ బయటికి వస్తుంది. గుడ్లు, పురుగులు లేకుండా మూత గదులే మిగిలాయంటే రాణి పోయి కనీసం తొమ్మిది రోజులైంది, ఇరవై ఒక్క రోజులు ఇంకా కాలేదు. పుట్టిన ఈగ వెంటనే పొలానికి రాదు. సుమారు మూడు వారాలు గదులు శుభ్రం చేయడం, పిల్లలకు మేత పెట్టడం, మైనంతో పట్టు కట్టడం, వాకిట్లో కాపలా కాయడం, ఇలా ఇంటిపనే చేస్తుంది. అంటే ఈ రోజు పుచ్చ పువ్వు మీద వాలే ఈగ దాదాపు ఆరు వారాల కిందటి గుడ్డు. కొత్త రాణి రేపే గుడ్లు మొదలుపెట్టినా ఆ ఈగలు పొలానికి వచ్చేసరికి మార్చి నెలాఖరవుతుంది, అప్పటికి పూత పోతుంది. ఆపదలో ముసలి ఈగలు లేకపోతే పిల్ల ఈగలు ముందే బయటికి పోతాయి, కానీ వాటి బతుకు కూడా తగ్గుతుంది.

ఆయన పక్కనున్న బలమైన పెట్టె నుంచి గుడ్లు, చిన్న పురుగులు ఉన్న ఒక ఫ్రేము తీశాడు. రాణి దాని మీద లేదని నిర్ధారించుకుని, బ్రష్‌తో ఈగలను దులిపి, ఆ ఫ్రేమును బలహీనమైన పెట్టె మధ్యలో పెట్టాడు. ఒక్కటే పెట్టాడు, ఎందుకంటే పిల్లలను 35 డిగ్రీల దగ్గర వెచ్చగా కప్పి ఉంచేన్ని ఈగలు అందులో లేవు. సాయంత్రం పంచదార, నీళ్లు సమాన తూకంలో కలిపిన పాకం లోపలి గిన్నెలో పోశాడు. పాకం చేతికందితే మకరందం కోసం తిరిగే ఈగల్లో కొన్ని పుప్పొడి వైపు మళ్లుతాయి. ఉదయం పోస్తే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి, అందుకే సాయంత్రమే. నాలుగైదు రోజుల్లో వాకిట్లో పసుపు ముద్దలు కనపడ్డాయి. పైగా ఆ గుడ్ల నుంచి అవి కొత్త రాణిని కూడా పెంచుకోగలవు.

ఒక గదిలో రెండు మూడు గుడ్లు చెల్లాచెదురుగా ఉండి, మూతలు బుడగల్లా ఉబ్బి ఉంటే విషయం ముదిరిపోయింది. రాణి లేక కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయి, వాటి నుంచి పోతుటీగలే పుడతాయి. అవి పుప్పొడి తేవు, పని చేయవు. అలాంటి పెట్టెకు రాణిని ఇస్తే చాలాసార్లు చంపేస్తాయి. దాన్ని రాణి ఉన్న బలమైన పెట్టె మీద పెట్టి, మధ్యలో ఒక న్యూస్‌పేపర్ పరిచి, సూదితో నాలుగు రంధ్రాలు పొడవడమే మేలు. కాగితం కొరుక్కుని కలిసిపోయేసరికి వాసన కూడా కలిసిపోతుంది.

ఈ ఆరు వారాల లెక్కను వెనక్కి తిప్పితే, రాణి గుడ్లు పెంచేలా విత్తిన వారమే పెట్టెకు పాకం మొదలుపెట్టాలని తేలుతుంది. ఆడపువ్వు విచ్చేది విత్తిన ఆరు వారాలకే కాబట్టి రెండు తేదీలు దాదాపు ఒకటే. అద్దెకు తెచ్చుకునేవాళ్లు దింపేటప్పుడే మూత తెరిపించి చూడాలి: కనీసం ఆరేడు ఫ్రేముల నిండా ఈగలు, మూడు నాలుగు ఫ్రేముల్లో గుడ్లు, పురుగులు, మూత గదులు మూడూ ఉండాలి. ఈగల గుంపు చూసి సరేననకండి, గుడ్డు కనపడేదాకా డబ్బు ఇవ్వకండి.

లక్షణం: పెట్టె ముందు చచ్చిన ఈగల కుప్ప, నాలుకలు బయటికి చాచి

ఇది మందు దెబ్బ. ఉదయం పువ్వు తెరిచి ఉన్నప్పుడు పురుగుమందు కొడితే పొలానికి వచ్చే ఈగలే ముందు పోతాయి. పోయినవాటి స్థానంలో కొత్తవి రావడానికి వారాలు పడుతుంది. పక్క పొలం వాళ్లు కొట్టినా ఇంతే, ఈగలు రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతాయి. మందు తప్పనిసరైతే పువ్వులు ముడుచుకున్నాక సాయంత్రం కొట్టాలి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందులకు ఇది కూడా చాలదు, అవి మకరందంలోకీ పుప్పొడిలోకీ వస్తాయి కాబట్టి పూత సమయంలో అసలే వద్దు. పక్క రైతుతో ముందురోజే చెప్పించుకుని, అతను కొట్టకముందే ఆ రాత్రికి పెట్టెలు దూరం తరలించడం ఒక్కటే నమ్మదగ్గ మార్గం.