పీపీఎఫ్ ఖాతా: తెరవడం నుంచి పొడిగింపు వరకు దరఖాస్తు విధానం

మా ఆఫీసులో నా వీడ్కోలు సభ రోజున మాట్లాడమన్నప్పుడు నేను ఒక్క విషయమే చెప్పాను. "గుమాస్తా జీతంతోనే ఇల్లు నడిపాను. అయినా ఈ రోజు టెన్షన్ లేకుండా ఇంటికి వెళ్తున్నాను. నెలనెలా జీతం రాగానే కొంచెం పక్కన పెట్టడం, మధ్యలో ఆపకపోవడం, ఈ రెండే దానికి కారణం. మీ అందరి భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటూ ఈ అలవాటు మీకు అప్పగిస్తున్నాను." సభ అయ్యాక కుర్ర ఉద్యోగులు చుట్టూ చేరి, ఎక్కడ పెట్టాలి, ఏ ఫారం నింపాలి అని అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను దాచింది పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌లో. పోస్టాఫీసులో గానీ, ఈ పథకం నడిపే బ్యాంకులో గానీ ఫారం 1 ఇచ్చి ఖాతా తెరవాలి. ఆధార్, పాన్, ఫొటో, నామినీ వివరాలు కావాలి. ఒకరి పేరు మీద ఒక్క ఖాతానే ఉండాలి. బ్యాంకులో ఉంది కదా, పోస్టాఫీసులో ఇంకొకటి తెరుద్దాం అనుకోకండి. నామినీ గడిని ఖాళీగా వదలకండి. తర్వాత ఇంట్లోవాళ్లు తిరగాల్సి వచ్చేది ఆ గడి వల్లే.

ఆర్థిక సంవత్సరానికి కనీసం 500 రూపాయలు, గరిష్ఠంగా 1.5 లక్షలు వేయవచ్చు. ఒక ఏడాది కనీసం కూడా వేయకపోతే ఖాతా నిలిచిపోతుంది. ఆగిన ఒక్కో ఏడాదికి 500 బకాయి, 50 రూపాయల రుసుము కట్టి మళ్లీ నడిపించుకోవచ్చు. ఆ లోపు అప్పు గానీ, మధ్యలో తీసుకోవడం గానీ కుదరదు.

డబ్బు ఏ తేదీన వేస్తామన్నది చాలామంది పట్టించుకోరు. వడ్డీని ప్రతి నెల 5వ తేదీ తర్వాత నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కిస్తారు. అంటే 5వ తేదీ దాటాక వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. నెలకు 1,000 చొప్పున 10వ తేదీన వేసేవారికి 7.1 శాతం వడ్డీ దగ్గర ఏడాదికి 71 రూపాయలు తగ్గుతాయి. చిన్న మొత్తమే అయినా, ఆ తర్వాతి ఏళ్లలో దాని మీద వచ్చే వడ్డీ కూడా పోతుంది. అందుకే జీతం పడిన మర్నాడే ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇచ్చి ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతి, గడువు. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత 15 ఏళ్లు లెక్కపెట్టాలి. నాది 2005 జూన్‌లో తెరిచాను. ఆ ఆర్థిక సంవత్సరం 2006 మార్చి 31న ముగిసింది, కాబట్టి గడువు 2021 మార్చి 31న తీరింది. రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్లుంది. అప్పుడు డబ్బు చేతికి తీసుకుని ఉంటే ఏదో ఒక ఖర్చుకు కరిగిపోయేది. ఫారం 4 ఇచ్చి ఐదేళ్లు పొడిగించాను. అది 2026 మార్చి 31తో ముగిసింది.

ఈ ఫారం 4ను గడువు తీరాక ఏడాదిలోపే ఇవ్వాలి. ఇవ్వకపోయినా ఖాతా మూతపడదు, ఉన్న నిల్వకు వడ్డీ వస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా డబ్బు వేయడానికి వీలుండదు. ఫారం ఇవ్వకుండా అలవాటుగా వేస్తూ పోతే ఆ సొమ్ముకు వడ్డీ ఇవ్వరు. పాస్‌బుక్‌లో జమ కనిపిస్తుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. మార్చి 31 నాటి వడ్డీ పద్దు చూస్తే గానీ తేడా తెలియదు. ఫారం ఇచ్చినప్పుడు ముద్ర వేసిన రసీదు అడిగి తీసుకుని పాస్‌బుక్‌లోనే పెట్టుకోండి.

ఎంత తేడా వస్తుందో చూడండి. నెలకు 1,000 చొప్పున, 5వ తేదీలోపే వేస్తూ, వడ్డీ 7.1 శాతంగానే ఉందనుకుంటే 15 ఏళ్లలో వేసేది 1.8 లక్షలు, చేతికొచ్చేది సుమారు 3.15 లక్షలు. అదే వేగంతో ఇంకో ఐదేళ్లు పొడిగిస్తే వేసేది 60 వేలే, మొత్తం మాత్రం 5.16 లక్షల దాకా వెళ్తుంది. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది కాబట్టి ఇది అంచనా మాత్రమే.

పొడిగించిన ఐదేళ్లలో డబ్బు అవసరమైతే ఫారం 2 ఇవ్వాలి. ఏడాదికి ఒకసారి తీసుకోవచ్చు. ఆ ఐదేళ్లలో తీసేదంతా కలిపి, పొడిగింపు మొదలైన నాటి నిల్వలో 60 శాతం దాటకూడదు. మొత్తం తీసేసి ఖాతా మూసేయాలంటే ఫారం 3, పాస్‌బుక్ ఇస్తే చాలు. నేను మాత్రం మూయలేదు. ఇక డబ్బు వేయకుండా ఖాతాను కొనసాగిస్తున్నాను. ఇలా ఉంచితే 60 శాతం పరిమితి వర్తించదు, ఏడాదికి ఒకసారి ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. ఒకసారి ఇలా డబ్బు వేయకుండా ఏడాది దాటిపోయాక మళ్లీ వేస్తానంటే ఒప్పుకోరు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవారు దీన్ని ఎంచుకునే ముందు అది చూసుకోండి.